కొటొనూ నుంచి వచ్చిన లెక్క

నిజాంసాగర్ నీళ్లు పారే పల్లెల వడ్లు బాన్సువాడ మిల్లుల్లో బియ్యమవుతాయి. యాసంగి వడ్లను పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది కాబట్టి వాటిని ఉడకబెట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. పశ్చిమాఫ్రికాలో ఈ బియ్యానికి మంచి గిరాకీ ఉంది. బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్ వంటి దేశాల వ్యాపారులు ఉత్తరాలు రాసేది ఫ్రెంచిలో. మన బియ్యం ఓడలెక్కే కాకినాడకు దగ్గర్లోని యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలోనే ఉండేది. అయినా బియ్యం ఎగుమతి చేసే చోట ఫ్రెంచి ఉత్తరం వస్తే ఇవాళ్టికీ గాభరాపడతారు. నేను చేసే పని ఆ ఉత్తరాలు చదవడం, వాటికి జవాబు రాయడం.

భాష రానందువల్ల వచ్చే చిక్కు పెద్దదేం కాదు, నిఘంటువు ఉంది. అసలు చిక్కు ప్రతి మాటా అర్థమై, మొత్తం కలిపితే పొసగనప్పుడు వస్తుంది. బెనిన్‌లోని కొటొనూ నుంచి ఒక వ్యాపారి పంపిన ఆర్డరు అలాంటిదే. ఐదు శాతం నూక ఉన్న ఉప్పుడు బియ్యం, 25 కిలోల బస్తాలు 1040, మొత్తం 52 టన్నులు, 20 అడుగుల కంటైనర్లు రెండు, మార్చి చివరికి డెలివరీ అని రాశాడు. మా సేటు కాలిక్యులేటర్ ముందు పెట్టుకుని, "ఏందిది? 1040ని 25తోటి కొడితే 26 టన్నులే వస్తది. 52 ఎట్లంటడు?" అన్నాడు.

ఇక్కడ తొందరపడి "మీ ఆర్డరులో లెక్క తప్పింది, సరిచేయండి" అని రాయొచ్చు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అది చదివినవాడు తన ఉత్తరం మళ్లీ తీసి, తప్పెక్కడో వెతుక్కుని, దాన్ని ఒప్పుకోవాలి. అంత శ్రమ అతని మీద పెడితే జవాబు ఆలస్యమవుతుంది, వచ్చినా ముక్తసరిగా వస్తుంది. అందుకని ముందు ఆ శ్రమ మనమే పడాలి. 20 అడుగుల కంటైనర్‌లో బియ్యం 25, 26 టన్నుల దాకా పడుతుంది. అంటే రెండు కంటైనర్లు, 52 టన్నులు అన్న మాటలు రెండూ ఒకదానికొకటి సరిపోయాయి. తేడా మిగతా రెండింట్లోనే ఉంది. బస్తాలు 2080 అయినా కావాలి, లేకపోతే బస్తా బరువు 50 కిలోలైనా కావాలి. కొనేవాడికి కావలసింది ఒకే కంటైనరేమో అన్న మూడో దారి కూడా ఉంది గాని, రెండు అంకెలు ఒకేసారి తప్పడం అరుదు.

ఇంత లెక్క ఎందుకంటే ఆ బస్తా మీద బరువు అచ్చు వేస్తారు. కొనుగోలుదారు బ్రాండు పేరు, ఫ్రెంచిలో బియ్యం రకం, నికర బరువు అన్నీ ప్లాస్టిక్ సంచి మీద ముద్రించాక 25ను 50 చేయలేం. సంచుల ఆర్డరు ఇచ్చే లోపే ఈ ప్రశ్న తేలాలి.

ఉత్తరం "బోఁజూర్ మస్యూ" అని పలకరింపుతోనే మొదలుపెడతాను. పలకరింపు లేకుండా నేరుగా ప్రశ్నలోకి దిగితే ఫ్రెంచి మాట్లాడేవాళ్లకు అది మొరటుగా తోస్తుంది. అతను చనువుగా మాట్లాడినా, నేను మాత్రం "మీరు" అనే "వూ" రూపమే వాడతాను. ఆర్డరుకు కృతజ్ఞత చెప్పి, స్పష్టంగా ఉన్నవి ముందు ఖరారు చేస్తాను: రకం, నూక శాతం, 52 టన్నులు, రెండు కంటైనర్లు. దాంతో అతను రాసినదాంట్లో చాలా భాగం అర్థమైందని అతనికి తెలుస్తుంది. ఆ తర్వాత "సోఫ్ ఎరూర్ ద మా పార్" అంటాను. నా వైపు పొరపాటు లేకపోతే అని దాని అర్థం. ఈ మాట తర్వాత లెక్కను ఒక్క వాక్యంలో చూపిస్తాను: 25 కిలోల బస్తాలు 1040 అయితే 26 టన్నులవుతుంది. "విరుద్ధం", "అస్పష్టం" అన్న మాటలు ఎక్కడా రానివ్వను. అంకెలే ఆ మాట చెబుతాయి.

చివరికి "పూర్యే వూ మ కోఁఫిర్మే", దయచేసి ఖరారు చేయగలరా అని అడిగి, రెండు దారులూ వేర్వేరు వరుసల్లో పెడతాను. ఎ: 25 కిలోల బస్తాలు 2080. బి: 50 కిలోల బస్తాలు 1040. వేరేది ఏదైనా అయితే రాయమని కింద చిన్న వరుస. అతను ఫోన్‌లో ఒక్క అక్షరం నొక్కితే చాలు. కొటొనూలో చాలామందికి ఫ్రెంచి ఇంట్లో నేర్చిన భాష కాదు, ఫోన్ అనే భాష, యోరుబా వంటివి ఇంటి భాషలు. వాళ్లకూ మనకూ చిన్న వాక్యాలే మేలు. అంకెల్లో కామా పెట్టను. ఫ్రెంచిలో కామా దశాంశ బిందువు పని చేస్తుంది కాబట్టి 1,040 అని రాస్తే అది ఒకటికి పైచిలుకు అవుతుంది.

సేటు పక్కనే కూర్చుని, "యాభై కిలోలయి వద్దు గదా అని అడుగు, అయిపోతది" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న మాత్రం పంపకూడదు. మనల్ని "వద్దు కదా?" అని అడిగితే "అవును" అంటాం, అంటే వద్దనే. ఫ్రెంచిలో అదే ఉద్దేశానికి "నోఁ" అంటారు. కావాలనుకుంటే "సి" అంటారు. ఇటు "వీ" అని వచ్చిన జవాబును ఎలా చదవాలో ఇద్దరికీ తెలియదు. ఒక గందరగోళం తీర్చబోయి ఇంకొకటి తెచ్చుకున్నట్టవుతుంది. కాదు, లేదు, వద్దు అన్న ప్రశ్నలు ఉత్తరంలో ఉండకూడదన్నది నేను సడలించని నియమం.

మార్చి చివరి సంగతి కూడా ఈ ఉత్తరంలోనే తేల్చాలి. డెలివరీ అంటే ఇక్కడ ఓడెక్కించడమా, కొటొనూ రేవులో దించడమా? ఆ రెండింటి మధ్య వారాల ప్రయాణం ఉంది. అందుకని మార్చి 31 అని తేదీ వేసి, అది బయలుదేరే తేదీనా చేరే తేదీనా అని అడుగుతాను. తేదీ రాయడం మనకూ మంచిదే. వాళ్లు "పదిహేను రోజులు" అంటే రెండు వారాలు, "ఎనిమిది రోజులు" అంటే వారం అని వాడుక. మనం వేళ్లు మడిచి లెక్కబెడితే ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. రెండు ప్రశ్నలకు మించి ఒకే ఉత్తరంలో పెట్టను. మూడు పెడితే మొదటి దానికే జవాబొస్తుంది.

జవాబు రావలసిన తేదీ కూడా చెప్పాలి. కానీ "ఫలానా రోజులోగా జవాబు రాకపోతే ఎ అనుకుంటాం" అని మాత్రం రాయను. మౌనాన్ని అంగీకారంగా తీసుకుంటే రేపు సంచులు అచ్చయ్యాక తగాదా వస్తుంది. "మీ జవాబు అందేదాకా సంచుల ముద్రణ ఆపి ఉంచాం, 10వ తేదీలోగా తెలిస్తే ఓడ తేదీ అందుకోగలం" అని రాస్తాను. ఏది ఆగిందో, ఎందుకాగిందో అతనికి కనిపిస్తుంది.

మొదటి జవాబు "బ్యాఁ రసూ, మెర్సీ" అని వచ్చింది. సేటు సంబరపడ్డాడు గాని, దాని అర్థం ఉత్తరం అందింది అని మాత్రమే. ఒప్పుకున్నట్టు కాదు. మర్నాడు కృతజ్ఞత చెబుతూ, ఎ, బి వరుసలు రెండే మళ్లీ పంపాను, పాత ఉత్తరమంతా తిరిగి రాయలేదు. అప్పుడు "బి" అని వచ్చింది, వెంట ఒక వాయిస్ మెసేజ్. 50 కిలోల బస్తాలే, తేదీ ఓడెక్కే తేదీ అని అందులో చెప్పాడు. విన్నది విన్నట్టు "సి జే బ్యాఁ కోఁప్రి", నాకు సరిగ్గా అర్థమైతే అంటూ రాతలో పెట్టి, అతను సరేనన్నాకే ప్రొఫార్మా ఇన్వాయిస్ మార్చాం.

ఇక మిగిలింది సంచి నమూనా. అచ్చుకు వెళ్లే ముందు కొనుగోలుదారు సంతకం చేసి ఇచ్చే అనుమతిని ఫ్రెంచివాళ్లు "బోఁనాతిరే" అంటారు. నమూనా బొమ్మతో పాటు ఆ అనుమతి అడిగాను. నికర బరువు 50 కిలోలు అన్న వరుస చుట్టూ ఎర్ర గీత గీసి పంపాను. సంతకం వచ్చాక సేటు సంచులవాళ్లకు ఫోన్ చేశాడు.