మల్లికి ఉత్తుత్తి కడుపు

మా మల్లి ఒక చెప్పుకి తల్లయింది. జోక్ కాదు. నాయనమ్మ పాత హవాయి చెప్పు, ఎడమకాలిది. దాన్ని నోట కరుచుకుని మెట్ల కింద గోనెసంచుల మీద పెట్టుకుంది. చుట్టూ ముడుచుకుని పడుకుని రోజంతా నాకుతోంది. ఎవరైనా అటు నాలుగడుగులు వేస్తే పళ్లు బయటపెట్టి గుర్రుమంటోంది. పొట్ట కింద చూస్తే చన్నులు ఉబ్బి ఉన్నాయి. వెనక జతలో ఒకదాని నుంచి తెల్లగా పాలచుక్క.

"గేటు దూకి ఎక్కడికో పోయొచ్చింది రా, ఇంకో రెండ్రోజుల్లో ఈనేస్తుంది" అని పక్కింటి పిన్ని తీర్పిచ్చేసింది. అమ్మ అప్పుడే పిల్లల్ని ఎవరెవరికి ఇవ్వాలో లెక్కలేస్తోంది. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. మల్లి నవంబర్ 10న ఎదకొచ్చింది. ఆ తేదీ నా ఫోన్లో ఉంది. రక్తం మొదలైన రోజు నుంచి మూడు వారాలపాటు అది డాబా మీదే ఉంది, గొలుసు లేకుండా కిందికి దిగలేదు. ఈ చెప్పు గొడవ మొదలైంది జనవరి 12న, భోగి హడావిడిలో. లెక్కేస్తే 63 రోజులు.

ఆ అంకె దగ్గర కాసేపు ఆగాలి. కుక్క చూలు మోసేది కూడా దాదాపు 63 రోజులే. అంటే నిజంగా కడుపుతో ఉంటే ఏ రోజుల్లో ఈనాలో, ఇంచుమించు ఆ రోజుల్లోనే మల్లికి పాలొచ్చాయి. పిన్ని అనుమానానికి బలం అదే. అయితే పిల్లలు లేకపోయినా జరిగేది కూడా అదే.

మా పొన్నూరు వైపు గేదెల సంగతి ఎవర్నడిగినా చెప్తారు. ఎదకొచ్చిన గేదె కట్టకపోతే 21 రోజులకి మళ్లీ ఎదకొస్తుంది. చూడి నిలవలేదని దాని ఒంటికి తొందరగానే తెలిసిపోతుంది. అండం విడుదలైన చోట అండాశయంలో ఒక చిన్న గడ్డలాంటిది తయారై ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ ఇస్తుంటుంది. చూడి లేదంటే గేదెలో అది రెండు వారాలు దాటాక కరిగిపోతుంది. కుక్కలో ఈ ఏర్పాటు లేదు. కడుపు వచ్చినా రాకపోయినా ఆ గడ్డ రెండు నెలల దాకా పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి రక్తంలో ప్రొజెస్టెరాన్ చూసి ఏ కుక్క చూలుతో ఉందో, ఏది లేదో చెప్పలేం. రెండు నెలలు నిండేసరికి ఆ హార్మోన్ పడిపోతుంది. అది పడిపోగానే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ పెరుగుతుంది. పాలు తెప్పించేదీ, గూడు కట్టించేదీ, పిల్లల్ని కాపాడమనేదీ ఈ ప్రొలాక్టినే. పిల్లలు ఉన్నాయా లేవా అని అది చూడదు.

అంటే ఎదకొచ్చి కట్టని ప్రతి ఆడకుక్కా లోపల ఈ దారిలోనే నడుస్తుంది. చాలావాటిలో మనకి ఏమీ కనిపించదు. కొన్నిటిలో మల్లిలా బయటపడుతుంది. దీన్నే డాక్టర్లు ఫాల్స్ ప్రెగ్నెన్సీ అంటారు. నాయనమ్మ భాషలో ఉత్తుత్తి కడుపు. తోడేళ్ల గుంపులో సాధారణంగా ఒక జంటే పిల్లల్ని కంటుంది, మిగతా ఆడవి పెంపకంలో సాయం చేస్తాయి. పాలిచ్చే పిన్నమ్మలు ఉంటే గుంపుకి లాభం కాబట్టి ఈ లక్షణం నిలిచిపోయిందని ఒక ఊహ. ఊహే అయినా నాకు నచ్చింది. మల్లిది జబ్బు అనడానికి అప్పట్నుంచీ నోరు రాలేదు.

అలాగని ఇంట్లో కూర్చుని తేల్చేసుకునే విషయం కూడా కాదు. ఎద అయిన నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్యలోనే ఇంకోటి రావచ్చు. గర్భసంచిలో చీము పట్టడం. పయోమెట్రా అంటారు. అది ప్రాణం మీదికి తెస్తుంది. కుక్క నీరసంగా పడి ఉంటుంది, అన్నం మానేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, నీళ్లు మాత్రం తెగ తాగుతుంది. కింద నుంచి చీము కారితే మనకి తెలుస్తుంది. గర్భసంచి మూతి మూసుకుపోయి ఉంటే చుక్క కూడా బయటికి రాదు, లోపలే నిండుతుంది. పొట్ట పెరిగింది, తిండి తగ్గింది, ఎద అయ్యి రెండు నెలలు అయింది అంటే పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

అందుకే గుంటూరు తీసుకెళ్లే ముందు రోజు నేను చేసిన పని నీళ్లు కొలవడం. లీటరు బాటిల్‌తో గిన్నె నింపి, 24 గంటల తర్వాత ఎంత మిగిలిందో చూశా. మల్లి బరువు 18 కిలోలు. మామూలు కుక్క కిలోకి 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది, అంటే మల్లికి లీటరు అటూఇటూ. కిలోకి 100 దాటితే, అంటే దీనికి 1800 దాటితే, ఎక్కడో తేడా ఉన్నట్టే. మాది 950 తాగింది. డాక్టర్‌కి ఈ అంకె చెప్పగానే ఆయన ముఖం కాస్త తేలికపడింది.

ఆయన అడిగిన మొదటి ప్రశ్న కూడా ఎద తేదీయే. తర్వాత టెంపరేచర్ చూశారు, 101.6 ఫారెన్‌హీట్. కుక్కకి అది మామూలే. చన్నులు ఒక్కొక్కటీ వేళ్లతో తడిమి చూశారు. ఒకటి ఎర్రగా, వేడిగా, రాయిలా గట్టిగా ఉండి, ముట్టుకుంటే కేకపెడితే అది చన్నువాపు, దాని వైద్యం వేరు. మల్లివి ఉబ్బాయి గానీ మెత్తగానే ఉన్నాయి. ఆపైన స్కానింగ్. స్కాన్‌లో నెల లోపే పిల్లల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది, 63వ రోజుకైతే దాక్కునే అవకాశమే లేదు. గర్భసంచి సన్నగా, ఖాళీగా ఉంది. పిల్లలు లేవు, చీమూ లేదు. ఒక్క పరీక్షతో రెండు అనుమానాలూ తీరాయి. పిన్నికి ఫోన్ చేసి చెప్తే "ఆ మిషన్ సరిగా ఉందా?" అంది.

మందేమీ రాయలేదు. చాలా కుక్కల్లో రెండు మూడు వారాల్లో ఇది దానంతటదే సర్దుకుంటుంది అన్నారు. మేం చేయాల్సిందల్లా పాలని రెచ్చగొట్టకుండా ఉండటం. ఇదే కష్టం. ఎందుకంటే మన ఇళ్లల్లో సానుభూతి అంటేనే చేతులతో ఏదో ఒకటి చేయడం. నాయనమ్మ వేన్నీళ్లలో గుడ్డ ముంచి కాపడం పెడతానంది. అమ్మ పాలు పిండేస్తే బరువు తగ్గుతుంది కదా అంది. రెండూ వద్దన్నారు. పిండినా, కాపడం పెట్టినా, కుక్క తనే నాక్కున్నా, తాగే పిల్ల ఉందనే కబురు మెదడుకి వెళ్తుంది. ప్రొలాక్టిన్ ఇంకా వస్తుంది, పాలు ఇంకా ఊరతాయి. అందుకని మెడకి గరాటులాంటి కాలర్ కట్టాం. మల్లి వాకింగ్‌కి వెళ్లిన టైంలో చెప్పు, గోనెసంచులు తీసేశాం. దాని కళ్లముందు లాక్కుంటే కరుస్తుంది, తీసేటప్పుడు అది ఇంట్లో ఉండకూడదు. తిండి కొద్దిగా తగ్గించి, నడక పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి పెంచాం. నీళ్లు ఆపితే పాలు ఎండిపోతాయని ఎవరో సలహా ఇచ్చారు గానీ డాక్టర్ ఒప్పుకోలేదు, నీళ్లు ఎప్పట్లాగే పెట్టాం.

ఇంకో హెచ్చరిక చేశారు, అది మా ఇంటికి బాగా పనికొచ్చింది. మూడోరోజు మల్లి ఒకసారి కక్కింది. మందుల షాపులో వాంతుల బిళ్ల అడుగుదామని అమ్మ బయల్దేరింది. మనుషులు వాంతులకి వేసుకునే మెటోక్లోప్రమైడ్, డోంపెరిడోన్ రెండూ డోపమైన్‌ని అడ్డుకుంటాయి. ప్రొలాక్టిన్‌ని అదుపులో పెట్టేది ఆ డోపమైనే. దాన్ని అడ్డుకుంటే పాలు పెరుగుతాయి. కక్కు ఆపబోయి ఉత్తుత్తి కడుపుకి బలం పోసినట్టు అవుతుంది.

వారం గడిచింది. కొన్ని కుక్కలకి ఈపాటికి తగ్గుముఖం పడుతుంది, మల్లికి పట్టలేదు. చెప్పు పోయాక టీవీ రిమోట్‌ని దత్తత తీసుకుంది. తిండి సగం కూడా తినట్లేదు. రాత్రంతా మూలుగుతూ గది గదికీ తిరుగుతోంది. తొమ్మిదో రోజున మా అక్క కొడుకు, నాలుగేళ్లవాడు, సోఫా కిందికి చెయ్యి పెడితే వాడి చొక్కా అంచు పట్టేసింది. పన్ను దిగలేదు. కానీ వెయిట్ చేసే టైం అయిపోయిందని ఇంట్లో అందరికీ అర్థమైంది. మందు ఎప్పుడు అవసరం అంటే డాక్టర్ చెప్పిన గీతలు కూడా ఇవే: మనుషుల మీదికి వస్తున్నా, తిండి మానేసినా, చన్నులు బిగుసుకుపోతున్నా, రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోయినా.

మందు పేరు కాబర్గోలిన్. డోపమైన్‌లా పనిచేసి ప్రొలాక్టిన్‌ని కిందికి దించుతుంది. మనుషులకి రాసేదే, మందుల షాపులో అర మిల్లీగ్రాము బిళ్లగా దొరుకుతుంది. కుక్కకి రోజుకి కిలోకి 5 మైక్రోగ్రాములు. మల్లి 18 కిలోలు కాబట్టి 90 మైక్రోగ్రాములు. బిళ్లలో ఉన్నది 500. ఐదో వంతు కూడా కాదు, కత్తితో కోస్తే సరిగ్గా రాదు. అందుకని బిళ్లని 10 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, సిరంజితో 1.8 మిల్లీలీటర్లు తీసి వెంటనే పట్టించమన్నారు. మిగతాది పారబోసి మర్నాడు కొత్త బిళ్ల. నీళ్లలో కలిపిన మందు నిలవ ఉండదు. ఏడు రోజులు. మొదటిరోజు ఖాళీ కడుపున వేస్తే కక్కేసింది, రెండోరోజు నుంచి పెరుగన్నం తిన్నాక వేశాం, నిలిచింది.

ఈ లెక్క చూసి ఎవరూ సొంతంగా మొదలుపెట్టకూడదు, దానికి కారణం ఉంది. నిజంగా చూలుతో ఉన్న కుక్కకి ఇదే మందు వేస్తే కడుపు పోతుంది. స్కాన్ ముందు, సిరంజి తర్వాత.

నాలుగో రోజుకి మల్లి రిమోట్‌ని వదిలేసి వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి పడుకుంది. ఏడో రోజుకి పాలు ఆగాయి. చన్నులు పూర్తిగా లోపలికి తీయడానికి ఇంకో పదిరోజులు పట్టింది.

ఒకసారి ఇలా వచ్చిన కుక్కకి తర్వాతి ఎదల్లోనూ వచ్చే అవకాశం ఎక్కువ. "ఒక్క కాన్పు కానివ్వండి, కుదురుతుంది" అనేవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు. కన్నాక కూడా మళ్లీ ఎదకొస్తుంది, మళ్లీ అదే ప్రొలాక్టిన్. కాన్పు దీనికి మందు కాదు. ఇక రాకుండా చేసేది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనే. అప్పుడే చేసేయమని అడిగాం, డాక్టర్ ఒప్పుకోలేదు. పాలున్నప్పుడు, లేదా ఎద అయిన రెండు నెలల్లోపు అండాశయాలు తీసేస్తే ప్రొజెస్టెరాన్ ఒక్కసారిగా పడిపోయి, ఉత్తుత్తి కడుపు నెలల తరబడి వదలకపోవచ్చు. పాలు పూర్తిగా ఎండాలి, తర్వాతి ఎద రాకముందే కావాలి. నవంబర్‌లో వచ్చింది కాబట్టి మళ్లీ మే, జూన్‌లో వస్తుందని అంచనా. మధ్యలో మార్చి కుదిరింది. మార్చి రెండో వారంలో ఆపరేషన్ అయింది, పదో రోజున కుట్లు తీశారు. ఈసారి కాలర్ కట్టినందుకు మల్లి రెండు రోజులు నా వైపు చూడలేదు.