తస్వీర్ కింద ఏం రాయాలి?

పత్రికలో పనిచేసేవాళ్లకు ఒక ఆదత్ ఉంటుంది. వార్త కన్నా ముందు ఫోటో కింద ఏం రాశారో చూస్తాం. ఆ రోజు, ఆ చోట తీసింది కాకపోతే 'ఫైల్ ఫోటో' అనో 'ప్రతీకాత్మక చిత్రం' అనో రాయడం రివాజు. ఆ మాట లేకపోతే చదివేవాళ్లు ఆ తస్వీర్‌ని గవాహీ అనుకుంటారు. ఉంటే, అందాజా కోసం పెట్టారని తెలుసుకుంటారు.

మా ఆపా కూతురు హైదరాబాద్‌లోనే ఫ్యాషన్ డిజైన్ చివరి ఏడాది చదువుతోంది. జ్యూరీ ముందు పెట్టాల్సిన పోర్ట్‌ఫోలియోలో మూడు పేజీల్లో ఏఐతో చేయించిన డ్రెస్సుల మాకప్‌లు ఉన్నాయి. అలాంటివి వాడినవాళ్లు ఫ్యాకల్టీకి ఒక నోట్ రాసివ్వాలని కాలేజీలో చెప్పారు. అది పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "మామూ, జరా దేఖో. భాష సరిగ్గా ఉందా?"

నోట్ మొత్తం ఒకటే వాక్యం. దాని తర్జుమా ఇది: 'ఈ పోర్ట్‌ఫోలియోలో కొన్నిచోట్ల ప్రేరణ కోసం ఏఐ సాయం తీసుకున్నాను.'

"బేటా, ఇందులో ఝూట్ లేదు. కానీ ఖబర్ కూడా లేదు" అన్నాను. కొన్నిచోట్ల అంటే ఏ పేజీలు? ప్రేరణ అంటే ఆలోచన అక్కడినుంచి వచ్చిందా, లేక బొమ్మే అక్కడినుంచి వచ్చిందా? సాయం అంటే రంగు మార్చిందా, మొత్తం గీసిచ్చిందా?

పక్కనున్న ఆపాకి కోపం వచ్చింది. "అంతా విప్పి చెప్తే ఈ పిల్ల చేసిందేమీ లేదనుకుంటారు. నాలుగు నెలల మెహనత్!" ఆ డర్ ఉత్తదేమీ కాదు. అందుకే ముందు ఆ మెహనత్ ఏమిటో, మెషిన్ ఇచ్చింది ఏమిటో వేరుచేసి చూద్దామని ముగ్గురం దస్తర్‌ఖాన్ ఎత్తేశాక ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం.

తన కలెక్షన్ ఖడా దుపట్టా మీద. మన పెళ్లిళ్లలో దుల్హన్ వేసుకునేదే: కుర్తా, చూడీదార్, పైన ఆరు గజాల దుపట్టా. ఆరు గజాలంటే దాదాపు ఐదున్నర మీటర్లు. భుజాల దగ్గర చున్నట్‌లు పెట్టి పిన్ చేస్తే నిలువుగా నిలబడుతుంది కాబట్టే దానికి ఆ పేరు. అంతా జర్దోజీ అయితే బరువుకి పిల్ల గంటసేపు కూడా కూర్చోలేదు. పని మొత్తం కొంగులకూ అంచుకూ పరిమితం చేసి, తేలికైన జోడా చేయాలన్నది మా భాంజీ ఆలోచన. నాలుగు డిజైన్‌లలో ఒకటి నిజంగా కుట్టింది. మిగతా మూడింటికి ప్యాటర్న్ గీసింది, మస్లిన్ బట్టతో నమూనా కుట్టి ఫిట్టింగ్ చూసింది, పది అంగుళాల ముక్క మీద జర్దోజీ శాంపిల్ చేయించింది. మూడు జోడాలకూ పూర్తి పని చేయించే డబ్బు మా ఇంట్లో లేదు. ఆ పది అంగుళాల పని ఒంటి మీద మొత్తంగా ఎలా కనబడుతుందో చూపించడానికే ఏఐ తస్వీర్. కారణం జాయిజే. మరి ఆ మాట నోట్‌లో ఎందుకు లేదు?

ఇంక బొమ్మ సంగతి. పద్నాలుగో పేజీలోది తీసుకున్నాం. దూరం నుంచి చూస్తే మాషాఅల్లాహ్ అనిపిస్తుంది. దగ్గరికెళ్తే మూడు చోట్ల దొరికిపోతుంది.

మొదటిది దుపట్టా. ఎడమ భుజం మీద ఐదు చున్నట్‌లున్నాయి. చంక కిందికి వచ్చేసరికి రెండే ఉన్నాయి, మిగతా మూడు ఏమయ్యాయో తెలియదు. కుడివైపు దుపట్టా అంచు కిందికి దిగి కుర్తా అంచులో కలిసిపోయింది. కనబడే బట్టను టేపుతో అందాజాగా లెక్కేస్తే మూడు మీటర్లు కూడా రాలేదు. మెషిన్‌కి అలవాటైన దుపట్టా లెహంగా మీద వేసుకునేది. మొదట్లో అన్నీ లెహంగాలే వచ్చాయని తనే చెప్పింది. అది కొలిచి వేయదు, చూసిన బొమ్మల పోలికలో వేస్తుంది. ఇది తేలాక ఐదున్నర మీటర్ల మస్లిన్ తీసుకుని డ్రెస్ ఫామ్ మీద నిజంగా చున్నట్‌లు పెట్టి ఫోటో తీసింది. భుజం మీద మడతలు ఎంత మందంగా పేరుకుంటాయో ఆ ఫోటోలోనే తెలిసింది.

రెండోది గలా. తస్వీర్‌లో మెడకు పట్టినట్టున్న గుండ్రటి గలా, చుట్టూ గట్టి జర్దోజీ పట్టీ. గుండీ లేదు, చీలిక లేదు, జిప్ లేదు. తన ప్యాటర్న్‌లో ఆ గలా చుట్టుకొలత 14 అంగుళాలు. పెద్దవాళ్ల తల చుట్టుకొలత 22 అంగుళాలకు అటూఇటూ ఉంటుంది. జర్దోజీ పట్టీ సాగదు. మరి తల ఎలా దూరుతుంది? ఎనిమిది అంగుళాలు తక్కువ. చీలిక పెడితే దాని రెండు అంచులూ దారికి కలుస్తాయి కాబట్టి, నాలుగు అంగుళాల చీలిక ఎనిమిది అంగుళాలు ఇస్తుంది. ఇరుకు లేకుండా ఉండాలని మా భాంజీ ప్యాటర్న్‌లో వెనక ఐదు అంగుళాల చీలిక, గుండీ, లూప్ పెట్టింది. ఆ హిసాబ్ మొత్తం తనదే. కానీ పోర్ట్‌ఫోలియో తిరగేసేవాళ్లకు కనబడేది మాత్రం తల దూరని ఆ బొమ్మే!

మూడోది జర్దోజీ. దీన్ని మేం పట్టుకోలేదు. శాంపిల్ చేసిచ్చిన పాతబస్తీ కారీగర్ పట్టుకున్నాడు. ఆయనకు ఫోన్‌లో ఆ తస్వీర్ చూపించి ఇలాంటిదే కావాలని అడిగిందట. ఆయన పెద్దది చేసి చూసి, "యే దబ్కా హై యా నక్షీ? కహాఁ సే షురూ కరూఁ?" అన్నాడట. ఇది దబ్కా తీగా, నక్షీ తీగా, ఎక్కడ మొదలుపెట్టను అని. ఆ బొమ్మలో బంగారు మెరుపే తప్ప తీగ లేదు. పైగా పక్కపక్కన ఉన్న ఏ రెండు పూలూ ఒకేలా లేవు. కారీగర్‌కి కావాల్సింది ఖాకా. ట్రేసింగ్ పేపర్ మీద గీతల వెంబడి సూదితో బొక్కలు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన పొడి దానిమీద రుద్దితే బట్ట మీద చుక్కలు దిగుతాయి. ఒక పువ్వు ఖాకా ఉంటే అంచు పొడవునా అదే దించుకుంటూ పోవచ్చు. ముప్పై పూలు ముప్పై రకాలుగా ఉంటే ముప్పై ఖాకాలు కావాలి. తను ఇంటికొచ్చి సగం పువ్వు గీసి, కాగితం మడిచి రెండో సగం దించి, ఒకే బూటా తయారుచేసింది. శాంపిల్ దానితోనే అయింది. అంటే తస్వీర్‌లో ఉన్న పని, చేతిలో ఉన్న శాంపిల్ ఒకటి కావు.

ఇదంతా విన్నాక ఆపా మెత్తబడింది. "ఇది రాస్తే ఇజ్జత్ పోదు కదా, పెరుగుతుంది కదా" అంది.

ఇంకొక విషయం మిగిలింది. మెషిన్‌కి ఇచ్చిందేమిటి? తన పెన్సిల్ స్కెచ్, శాంపిల్ ఫోటో, ఇంకా మా అమ్మ నికాహ్ దుపట్టా ఫోటో. ముందు అమ్మ దాన్ని కప్పుకున్న పాత ఫోటోనే పెట్టబోయిందట. మన ఇళ్లల్లో ఆడవాళ్ల తస్వీర్ ఒక అమానత్. ఒకసారి ఎక్కించాక అది ఏ సర్వర్‌లో ఉంటుందో మన చేతిలో ఉండదు. ఆ ఖయాల్ తనకే వచ్చి, సందూక్‌లోంచి దుపట్టా తీసి మంచం మీద పరిచి, నానీమాని అడిగి ఫోటో తీసింది. పేరున్న ఏ డిజైనర్ పేరూ ప్రాంప్ట్‌లో రాయలేదు. ఈ రెండూ నోట్‌లో ఉండాల్సినవే.

రెండో నోట్ తనే రాసింది. నేను కామాలు దిద్దానంతే. ఇంగ్లిష్‌లో ఉన్నదాని తర్జుమా ఇది:

'14, 18, 22 పేజీల్లోని తస్వీర్లు ఏఐతో చేసినవి. అందులోని అమ్మాయి నిజమైన మనిషి కాదు, ఆ డ్రెస్సులు కుట్టినవి కావు. టూల్ పేరు, వెర్షన్, తేదీలు, ప్రాంప్ట్‌లు, వద్దనుకున్న బొమ్మలు వేరే ఫోల్డర్‌లో ఇస్తున్నాను. ఇన్‌పుట్‌గా నా స్కెచ్, నా శాంపిల్ ఫోటో, మా నానమ్మ అనుమతితో తీసిన ఆమె దుపట్టా ఫోటో ఇచ్చాను.

అంచు మీద పని మొత్తంగా ఎలా కనబడుతుందో చూపడానికే వీటిని వాడాను. కొలతలకూ కుట్టుకూ వీటిని ప్రమాణంగా తీసుకోవద్దు. 14వ పేజీ తస్వీర్‌లో దుపట్టా పొడవు తక్కువ, గలాకు చీలిక లేదు, బూటాలు ఒకేలా లేవు. సరైనవి 15, 16 పేజీల్లోని ప్యాటర్న్, మస్లిన్ నమూనా, శాంపిల్.

డిజైన్, ప్యాటర్న్, కొలతలు, బూటా గీత నావి. జర్దోజీ శాంపిల్ నా చేతిపని కాదు, కారీగర్ చేసింది. ఆయన పేరు ఆయన ఇజాజత్‌తో 16వ పేజీలో రాశాను.'

(మా అమ్మను తను పిలిచేది నానీమా అనే. తర్జుమాలో నానమ్మ అని పడింది, అమ్మమ్మ అని చదువుకోండి.)

చివరి వాక్యం చూసి ఆగిపోయాను. కాలేజీ అడిగింది మెషిన్ గురించే. మనిషి గురించి ఎవరూ అడగలేదు. మెషిన్ వంతు రాస్తున్నప్పుడు కారీగర్ వంతు రాయకపోతే ఎలా అని తనకే తోచింది. ఇన్నాళ్లూ ఎన్ని పోర్ట్‌ఫోలియోల్లో ఆ చేతుల పేరు లేకుండా పోయిందో!

నోట్ ఒక్కటే చాలదని ఇంకో పని చేయించాను. మూడు తస్వీర్ల కిందా 'ఏఐ మాకప్, కుట్టిన డ్రెస్ కాదు' అని బొమ్మలో భాగంగానే రాయించాను. పీడీఎఫ్ నుంచి ఒక పేజీ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపితే నోట్ వెనకే ఉండిపోతుంది. ఫైల్ లోపల దాగున్న సమాచారం కూడా సాధారణంగా పోతుంది. బొమ్మ మీద రాసిన మాట మాత్రం బొమ్మతోపాటే పోతుంది.

తన దోస్త్ ఒకమ్మాయి త్రీడీ సాఫ్ట్‌వేర్ వాడింది. "అదీ కంప్యూటర్ బొమ్మే కదా, తనూ రాయాలా?" అని అడిగింది. టూల్ పేరు రాయాలి, కానీ ఆ రెండూ ఒకటి కావు. అక్కడ ప్యాటర్న్ ముక్కలు మనం ఇస్తాం, బట్ట బరువు, సాగుడు చెప్తాం. సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి కుట్టి చూపుతుంది. గలా చిన్నదైతే చిన్నదిగానే కనబడుతుంది. ఈ తస్వీర్ వెనక ప్యాటర్నే లేదు. అందుకే జాహిర్ చేయాల్సింది 'కంప్యూటర్ వాడాను' అన్నది కాదు, 'ఈ బొమ్మ వెనక కొలత లేదు' అన్నది.

జ్యూరీలో ఆ మూడు పేజీలకు మార్కులు వేయలేదట. ఒక మేడమ్ మాత్రం నోట్ చదివి, ఐదు అంగుళాల చీలిక ఎలా లెక్కేశావని అడిగారట. టేపు తీసుకుని తన తలకే చుట్టి చూపించిందట మా భాంజీ.