జడకు రెండు ఫ్రేముల ఆలస్యం

తప్పెటగుళ్లు ఆడేవారిని ఎప్పుడైనా కాళ్ల మీద కాకుండా నడుముకు కట్టిన గుడ్డ మీద చూపు నిలిపి చూశారా? మనిషి ఎగిరి నేల మీద దిగిపోతాడు. గుడ్డ అంచు మాత్రం ఇంకా పైనే ఉంటుంది. అతను ఆగిన తర్వాత అది దిగుతుంది, మరోసారి ఊగి అప్పుడు ఆగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో పుట్టినవాళ్లకు ఇది కొత్త దృశ్యం కాదు. కానీ బొమ్మను కదిలించే నాలాంటి వాళ్లకు సగం పని ఆ ఆలస్యంలోనే ఉంది.

డిస్నీలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలో యానిమేషన్‌కు పన్నెండు సూత్రాలు చెప్పారు. వాటిలో ఒకటి ఇదే. కదిలించేది ముందు కదులుతుంది, వేలాడేది వెనకబడుతుంది. ముందుది ఆగినా వెనకది వెంటనే ఆగదు.

మా మేనకోడలు ఉద్యోగం కోసం ఓ స్టూడియోకి నమూనా పంపాల్సి వచ్చింది. తొక్కుడుబిళ్ల ఆడే పిల్లను వెనక నుంచి చూపించింది. పరికిణీ, రెండడుగుల జడ, ఎడమ గడిలోకి ఒక్క గెంతు. అంతే సినిమా. గెంతు బాగానే కుదిరింది. మా అమ్మ కంప్యూటర్ వైపు ఓసారి చూసి, "ఏటే అమ్మీ, జడలో కర్రెట్టీసినావేటి?" అంది. స్టూడియోవాళ్లు చెప్పబోయేది ఆవిడ ముందే చెప్పేసింది.

కర్రలా ఎందుకు కనిపించిందంటే, జడ మొత్తం ఒకే ఫ్రేములో కదిలి, ఒకే ఫ్రేములో ఆగింది. ఇద్దరం కూర్చుని జడను నాలుగు ముక్కలు చేశాం. ప్రతి ముక్కా తన పైముక్కకు అతుక్కుని ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేములు. గెంతు 8 ఫ్రేముల్లో అయిపోతుంది. పిల్ల ఎడమకు వెళ్తుంటే జడ కుడికి వెనకబడాలి. అంటే 8వ ఫ్రేములో కుడికి ఒరుగు. ఆ తర్వాత ఊగుడు మొదలు.

ఎంతసేపు ఊగాలి? రెండడుగుల జడ స్వేచ్ఛగా వేలాడితే ఓసారి అటూ ఇటూ ఊగి రావడానికి సుమారు సెకనుంపావు, అంటే 30 ఫ్రేములు పడుతుంది. కాబట్టి 8లో కుడికి, 23లో ఎడమకు, 38లో మళ్లీ కుడికి. ఊపు ప్రతిసారీ కాస్త తగ్గాలి: 5 డిగ్రీలు, 3, 2, అలా. జడ చివర బరువైన కుప్పెలు కడితే ఇదే ఊగుడు 37 ఫ్రేముల దాకా సాగుతుంది.

ఐదు డిగ్రీలేనా అనిపించవచ్చు. కింది ముక్క పైముక్క ఒంపును కూడా మోస్తుంది. నాలుగు ముక్కలకూ ఐదేసి ఇస్తే చివరకు 20 డిగ్రీలు అవుతుంది. ఒక్కోదానికి 20 ఇస్తే 80 అయి, జడ కొక్కెంలా వంకర తిరుగుతుంది.

ఇక ఆలస్యం. పైముక్కకు పెట్టిన కదలికనే కింది మూడింటికీ నకలు చేసి, ఒక్కోదాన్ని రెండేసి ఫ్రేములు వెనక్కి జరిపాం. పైముక్క 8లో దిశ మార్చుకుంటే తర్వాతివి 10, 12, 14లో మార్చుకుంటాయి. ఆ కాసేపట్లో జడ మెల్లగా వంపు తిరుగుతుంది. కర్ర పోయి జడ వచ్చింది.

ఆలస్యం ఎక్కువైతే మరో గొడవ. ఆరేసి ఫ్రేములు జరిపితే చివరి ముక్క 18 ఫ్రేములు వెనకబడుతుంది. సగం ఊగుడు 15 ఫ్రేములే కదా! అంటే మొదలు ఎడమకు పోతుంటే కొస కుడికి పోతూ, జడ పాములా మెలికలు తిరుగుతుంది. అనుమానం వస్తే ఒక్కో ఫ్రేమూ జరిపి, ఏ ముక్క ఎక్కడ వెనక్కి మళ్లుతోందో చూడాలి. అన్నీ ఒకేచోట మళ్లితే కర్ర, ఎదురెదురుగా పోతే పాము.

పరికిణీకీ ఇదే లెక్క. పాదం నేలను తాకిన రెండు మూడు ఫ్రేముల తర్వాత అంచు దిగాలి. పిల్ల ఆగిపోయింది కదా అని అక్కడే దృశ్యం కత్తిరించకూడదు. జడ సద్దుమణగడానికి ఇంకో రెండు సెకన్లు కావాలి. మా మేనకోడలు ఆ రెండు సెకన్లూ కలిపాకే నమూనా పంపింది.

తోక దగ్గర మాత్రం ఈ ఉపాయం సగమే పనిచేస్తుంది. ఎద్దు నడుస్తుంటే నడుము ఊపుకు తోక వెనకబడి ఊగుతుంది, కుచ్చు అన్నిటికన్నా చివర. కానీ ఈగ వాలిందా, ఎద్దు కదలకుండానే తోక విసురుతుంది. మొదలు ముందు, కొస తర్వాత అన్న వరస అప్పుడూ ఉంటుంది గానీ, ఆ కదలికకు ఒంటి ఊపుతో పనిలేదు. దాన్ని నకలు చేసి జరిపితే రాదు, విడిగా గీయాల్సిందే. జడకు ప్రాణం లేదు, తోకకు ఉంది.