నోటు పుస్తకంలో కక్కేయడం వేరు, తరచి చూసుకోవడం వేరు



మన ప్రజ్ఞాపూర్‌లో రాత్రిపూట రాసుకునే అలవాటున్న వాళ్లు నేననుకున్న దానికంటే ఎక్కువమందే ఉన్నారు. ఎరువుల దుకాణం వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీలో కొందరు, పిల్లలు సగం వాడి వదిలేసిన నోటు పుస్తకంలో కొందరు రాసుకుంటారు. ఇళ్లకు ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆ మాట బయటికొస్తుంది. దాంతోపాటు ఒక ఫిర్యాదు కూడా వస్తుంది. "రాస్తే మనసు తేలికైతదన్నరు అయ్యగారూ, నాకైతే రాసినంక ఇంకింత కోపమొస్తున్నది" అని.

ఈ ఫిర్యాదు నిజమైనదే. రాసే ప్రతి రాత ఒకే పని చెయ్యదు. మనసులో ఉన్నదాన్ని కాగితం మీద కక్కేయడం ఒక పని. జరిగినదాన్ని ముందు పెట్టుకుని తరచి చూసుకోవడం ఇంకొక పని. మొదటిది చాలామందికి తెలుసు. మొదటిదాని నుంచి రెండోదానికి ఎలా వెళ్లాలో ఎవరూ చెప్పరు. ఈ వారం దాని గురించే రాస్తున్నాను.

దీన్ని పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ అనే ఇద్దరు కాలేజీ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమ జీవితంలోని బాధాకరమైన సంగతులు రాయించారు. ఆ ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. ఒక గుంపును ఏం జరిగిందో మాత్రమే రాయమన్నారు. ఇంకో గుంపును ఎంత బాధ కలిగిందో మాత్రమే రాయమన్నారు. మూడో గుంపును రెండూ కలిపి రాయమన్నారు. ఆ తరువాతి నెలల్లో కాలేజీ వైద్యుని దగ్గరికి వెళ్లడం తగ్గింది రెండూ కలిపి రాసిన వాళ్లకే. బాధను మాత్రమే వెళ్లగక్కిన వాళ్లకు ఆ మేలు కనబడలేదు. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మేలు పొందినవాళ్లకు కూడా రాసిన వెంటనే మనసు తేలిక కాలేదు, బరువెక్కింది. కాబట్టి రాసి పెన్ను మూసిన ఆ నిమిషంలో ఎలా ఉందన్నదాన్ని బట్టి రాత మంచిదో కాదో తేల్చకూడదు.

పెన్నెబేకర్ తరువాతి ఏళ్లలో అలాంటి రాతల్లోని మాటలనే లెక్కపెట్టి చూశాడు. మొదటి రోజు నుంచి చివరి రోజుకు వచ్చేసరికి "ఎందుకంటే", "ఇప్పుడు అర్థమైంది" వంటి మాటలు పెరిగినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. అంటే నాలుగు రోజులూ ఒకే కథ అదే తీరుగా రాయడం వల్ల కాదు, కథ కొంచెం కొంచెంగా మారడం వల్ల.

మీ పుస్తకం ఎటు నడుస్తుందో తెలుసుకోవడానికి గత పది రోజుల పేజీలు వరుసగా చదవండి. ఒకే వాక్యం నాలుగైదు చోట్ల వస్తుందా? "ఎప్పుడూ", "ఎన్నడూ", "ప్రతిసారీ" అనే మాటలు నిండి ఉన్నాయా? ప్రతి వాక్యంలోనూ పని చేసేది ఎదుటి మనిషేనా? "నాకే ఎందుకిట్లా" వంటి జవాబు లేని ప్రశ్నలు ఉన్నాయా? ఎవరు ఏ రోజు ఏ మాట అన్నారో ఎక్కడా లేదా? ఇవన్నీ ఉంటే అక్కడ కక్కడమే జరుగుతోంది. అది పాపమని నేననను. గాయంలోని చీము బయటికి రావాల్సిందే. కానీ రోజూ గాయాన్ని పిండుతూ ఉంటే అది మానదు.

ఒక తమ్ముని సంగతి అతని అనుమతితోనే చెబుతాను, పేరు చెప్పను. గజ్వేల్‌కూ ప్రజ్ఞాపూర్‌కూ మధ్య ఆటో నడుపుతాడు. తల్లి అతని ఇంట్లోనే ఉంటుంది. అన్న పట్నంలో ఉద్యోగం చేస్తాడు. మూడు నెలలుగా రాసిన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "నేను మా అన్నతోని మాట్లాడుడు బంద్ చేద్దామనుకుంటున్న" అన్నాడు. చివరి పేజీలో ఇలా ఉంది: "పెద్దమనిషి వచ్చిండు. చుట్టం లెక్క వచ్చిండు, చుట్టం లెక్క పోయిండు. ఎప్పుడూ గింతే. నేను చచ్చినా అడగడు." వెనక్కి తిప్పితే ఇవే మాటలు, తేదీలు మాత్రమే వేరు.

ఆ పేజీ కింద ఒక అడ్డగీత గీయమన్నాను. గీత పైన ఉన్నది కొట్టెయ్యొద్దు, చింపొద్దు. గీత కింద మాత్రం వేరే పద్ధతిలో రాయాలి. ఆ రాత్రే కాదు, మరుసటి రోజు, వేడి తగ్గాక.

మొదట, జరిగింది మాత్రమే. గోడకు కెమెరా ఉంటే అందులో ఏం కనబడేదో, ఏం వినబడేదో అంతే రాయాలి. అతను ఇలా రాశాడు: "ఆదివారం. అన్న 11 గంటలకు వచ్చిండు. అమ్మ దగ్గర కూర్చున్నడు. 500 రూపాయలు అమ్మ చేతిల పెట్టిండు. తిన్నడు. పొయ్యేటప్పుడు 'అమ్మను మంచిగ చూసుకో' అన్నడు. ఒంటిగంటకు పోయిండు." పైన "ఎప్పుడూ గింతే" అన్నచోట ఇప్పుడు ఆరు చిన్న వాక్యాలు ఉన్నాయి. వాటిలో తిట్టు ఒక్కటీ లేదు.

రెండోది, వాటిలో గుచ్చుకున్నది ఏది? దాన్ని వెతికి, దాని పక్కన "అప్పుడు నేననుకున్నది" అని రాయాలి. అతను డబ్బు దగ్గర ఆగుతాడని నేననుకున్నాను. కానీ అతను "మంచిగ చూసుకో" అన్న మాట కింద గీత గీశాడు. "అంటే ఇప్పటిదాక మంచిగ చూస్తలేననా? అమ్మకు స్నానం చేయించేది నా భార్య. ఆమె ముందర ఆ మాట అన్నడు." మూడు నెలల రాతలో భార్య ప్రస్తావన రావడం అదే మొదటిసారి. జరిగినది ఒకటి, దానికి మనమిచ్చిన అర్థం ఒకటి. రెండూ ఒకే వాక్యంలో కలిసిపోయి ఉన్నంతసేపు అవి రెండని మనకు కనబడదు. అన్న ఆ మాట నిజంగా తప్పుపడుతూనే అన్నాడేమో, వెళ్లొస్తాననడానికి బదులుగా అన్నాడేమో. రెండింటిలో ఏదో ఆ గదిలో ఎవరికీ తెలియదు. తెలియనిదాన్ని తెలియదని రాసుకోవడం కూడా తరచి చూసుకోవడమే.

మూడోది, "నేను" అని కాక, తన పేరు పెట్టి బయటి మనిషిలాగా అదే సంగతి నాలుగు వాక్యాల్లో రాయడం. ఇది వింతగా అనిపిస్తుంది. కానీ మన బాధను కొంచెం దూరం నుంచి చూసినప్పుడు అది మళ్లీ రగలకుండా అర్థమవుతుందని ఈథన్ క్రాస్, ఓజ్లెమ్ ఐడుక్ అనే పరిశోధకులు చూపించారు. మన తమ్ముడు అలా రాస్తూ ఒకచోట ఆగిపోయాడు. "అతను అన్నను మందుల పైసలు అడిగిండు" అని రాయబోయి, అడగలేదని గుర్తొచ్చింది. అమ్మ బీపీ మందులకు, మోకాళ్ల మందులకు నెలకు 1,400 అవుతున్నాయని అన్నకు ఏనాడూ చెప్పలేదు. అడగకుండానే తెలుసుకోవాలని ఎదురు చూశాడు. అన్నకు బాధ్యత లేదని దీని అర్థం కాదు. కొడుకై ఉండి తల్లి మందుల సంగతి తానే అడగాల్సింది. కానీ "నేను చచ్చినా అడగడు" అన్న వాక్యానికి ఇప్పుడు పక్కన ఇంకొక వాక్యం చేరింది.

నాలుగోది, చివరి వాక్యం. చేయాల్సిన ఒక పని, లేదా అడగాల్సిన ఒక మాట, లేదా ఈ రోజుకు పక్కన పెట్టాల్సిన ఒక సంగతి. ఒక్కటే. "అన్న మారాలె" అన్నది పని కాదు, ఎందుకంటే అది మన చేతిలో లేదు. అతను రాసింది ఇది: "బుధవారం పొద్దున ఫోన్ చేసి, నెల మొదట్ల మందుల పైసలు పంపమని, ఏడాదికి రెండు నెలలు అమ్మను తీసుకపొమ్మని అడగాలె."

ఏమైందంటే, మందుల డబ్బుకు అన్న వెంటనే ఒప్పుకున్నాడు, పంపుతున్నాడు. తల్లిని తీసుకెళ్లే మాటకు ఇప్పటికీ జవాబు లేదు. మన తమ్మునికి కోపం పోలేదు. కానీ మూడు నెలల కోపం ఇప్పుడు ఒక్క విషయం మీద కోపమైంది. మాట్లాడడం బంద్ చెయ్యలేదు.

కీర్తనలు చదివేవాళ్లకు ఈ నడక కొత్త కాదు. 77వ కీర్తన నిద్రపట్టని మనిషి మొరతో మొదలవుతుంది. మధ్యలో వరుసగా ప్రశ్నలు వస్తాయి. ఆ ప్రశ్నలను దాచకుండానే, ఆ మనిషి జరిగిన పాత సంగతులను ఒక్కొక్కటి జ్ఞాపకం చేసుకోవడం మొదలుపెడతాడు. అక్కడి నుంచి కీర్తన దారి మారుతుంది. అయితే 88వ కీర్తన అలా మారదు, చీకటిలోనే ముగుస్తుంది. అదీ గ్రంథంలో ఉంది. అందుకే ప్రతి పేజీ చివర వెలుగు కనబడాలని బలవంతంగా మంచిమాట రాయకండి. చివరి వాక్యం రాకపోతే గీత గీసి, తేదీ వేసి వదిలెయ్యండి.

కొలత కూడా చెబుతాను. కక్కడానికి పది నిమిషాలు చాలు, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మరుసటి రోజు గీత కింద రాయడానికి పదిహేను నిమిషాలు. ఒకే సంగతి మీద మూడు నాలుగు రోజులు రాశాక కొత్త వాక్యం ఒక్కటీ రాకపోతే రాయడం ఆపి, నమ్మకమైన మనిషితో మాట్లాడండి. పుస్తకం ఇంట్లో ఎవరి చేతికీ చిక్కని చోట పెట్టుకోండి. ఎవరైనా చదువుతారన్న భయం ఉంటే చెయ్యి నిజం రాయదు.

ఇది అన్నిటికీ మందు కాదు. ఇంట్లో చెయ్యి చేసుకుంటున్న భర్త ఉంటే, "నా తప్పేముంది" అని పుస్తకంలో వెతకాల్సిన అవసరం ఏ సహోదరికీ లేదు. ఆమె చేయాల్సింది 181కి ఫోన్. రాస్తుంటే చెయ్యి వణికి, జరిగినదంతా మళ్లీ కళ్లముందుకు వస్తే ఆ సంగతి పక్కన పెట్టి వేరేది రాయండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, చనిపోవాలన్న మాట పేజీలోకి వచ్చినా పుస్తకం మూసి ఇంట్లో ఒకరికి చెప్పండి. 14416 టెలిమానస్‌కు ఫోన్ చేస్తే డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు.

ఈ రాత్రి కొత్తగా ఏమీ రాయకపోయినా ఫరవాలేదు. పాత పేజీ ఒకటి తెరిచి, దాని కింద అడ్డగీత గీసి, జరిగింది మాత్రం ఆరు వాక్యాల్లో రాసి చూడండి.