పవర్ పెంచాలా, బ్యాండ్‌విడ్త్ అడగాలా?

మొబైల్ టవర్ల మధ్య మైక్రోవేవ్ లింకులు బిగించి, వాటిని కాపాడుకుంటూ రావడం నా పని. కొత్తగా చేరిన ఇంజినీర్లు తరచూ నన్ను అడిగేది ఒక్కటే. “సార్, స్పీడ్ చాలడం లేదు, పవర్ పెంచేద్దామా?” వాళ్లకు నేను కాగితం మీద వేసి చూపించే లెక్కనే ఇక్కడ చెబుతాను.

పదిహేను గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో, 28 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానెల్ మీద నడిచే లింకు ఒకటి తీసుకుందాం. ఎండ రోజున అవతలి టవర్ నుంచి అందే సిగ్నల్ −45 డీబీఎం. జోరువానలో అది −63.5కు పడిపోతుంది. ఇక నాయిస్ సంగతి. మామూలు ఉష్ణోగ్రతలో ఒక్కో హెర్ట్జ్‌కు −174 డీబీఎం ఉష్ణ నాయిస్ ఉంటుంది. 28 మెగాహెర్ట్జ్‌కు దానికి 74.5 డీబీ కలుస్తుంది, రిసీవర్ తనవంతుగా మరో 6 డీబీ కలుపుతుంది. మొత్తం −93.5 డీబీఎం. అంటే ఆ వానలో మనకు మిగిలే సిగ్నల్-నాయిస్ నిష్పత్తి 30 డీబీ, అంటే వెయ్యి రెట్లు.

1948లో క్లాడ్ షానన్ ఇచ్చిన సూత్రం ఇది:

C = B log2(1 + S/N)

మన అంకెలు వేస్తే 28 × 9.97, అంటే సెకనుకు సుమారు 279 మెగాబిట్లు. దీనికి లోబడినంతవరకు, తగిన కోడింగ్‌తో తప్పులను ఎంత కావాలంటే అంత తగ్గించుకోవచ్చు. దీన్ని దాటితే ఏ కోడింగూ కాపాడలేదు.

అయితే ఆ వానలో మా రేడియో ఇచ్చేది 180 మెగాబిట్లే. 256 క్వామ్‌లో ఒక్కో సింబల్‌కు 8 బిట్లు. ఫిల్టర్ అంచులకు కొంత వెడల్పు వదలాలి కాబట్టి సెకనుకు 2.5 కోట్ల సింబళ్లే పంపగలం. అలా వచ్చిన 200లో పదో వంతు తప్పులు దిద్దే కోడ్‌కు పోతుంది. ఈ 256 క్వామ్ నిలవడానికి మా రేడియోకు 27 డీబీ కావాలి. వాన ఇంకా ముదిరి నిష్పత్తి అంతకన్నా తగ్గితే, రేడియో తనంతట తానే 64 క్వామ్‌కు దిగి 135 మెగాబిట్లతో సరిపెడుతుంది. లింకు మాత్రం తెగదు.

ఇప్పుడు పవర్ రెట్టింపు చేద్దాం. నిష్పత్తి 33 డీబీ అవుతుంది, హద్దు 307కు చేరుతుంది. రెట్టింపు పవర్‌కు దక్కింది 28 మెగాబిట్లు. సంవర్గమానం లోపల ఉన్నదాన్ని రెట్టింపు చేస్తే బయట పెరిగేది హెర్ట్జ్‌కు ఒక్క బిట్టే. పైగా పవర్ మరీ పెంచితే యాంప్లిఫయర్ వంకరలు పోయి, పై స్థాయి క్వామ్ చుక్కలు చెదిరిపోతాయి.

పవర్ అలాగే ఉంచి చానెల్‌ను 56 మెగాహెర్ట్జ్ చేస్తే? నాయిస్ కూడా రెట్టింపవుతుంది కాబట్టి నిష్పత్తి 27 డీబీకి తగ్గుతుంది. అయినా హద్దు 502 మెగాబిట్లు. అందుకే ఇలాంటి చోట అనుమతి తెచ్చుకుని, రుసుము కట్టి, రెండో క్యారియర్ తీసుకోవడమే దారి.

అలాగని బ్యాండ్‌విడ్తే ఎప్పుడూ గెలవదు. సిగ్నల్, నాయిస్ సమానంగా ఉన్న 0 డీబీ దగ్గర ఇదే లెక్క వేసి చూడండి. 28 మెగాహెర్ట్జ్‌లో హద్దు 28 మెగాబిట్లు. పవర్ రెట్టింపు చేస్తే 44. బ్యాండ్‌విడ్త్ రెట్టింపు చేస్తే 33 మాత్రమే, ఎందుకంటే ఉన్న కాస్త పవర్‌నే మరింత నాయిస్ మీద పరిచాం. మా రేడియో ఆ స్థాయి రాకముందే తెగిపోతుంది. సుదూర అంతరిక్ష నౌకలతో మాట్లాడేవాళ్లకు మాత్రం ఇలాంటి బలహీన సిగ్నలే రోజువారీ సంగతి. అందుకే వాళ్లు పెద్ద డిష్‌లు కడతారు.

కాబట్టి ముందు చూడాల్సింది నిష్పత్తిని. రేడియో తెర మీద అందిన సిగ్నల్ స్థాయి, నిష్పత్తి విడివిడిగా కనిపిస్తాయి. రెండూ కలిసి పడితే వానో, యాంటెన్నా పక్కకు తిరగడమో కారణం. సిగ్నల్ −45 దగ్గర నిబ్బరంగా ఉండి, నిష్పత్తి మాత్రం 23 డీబీకి దిగిందంటే వేరే జోక్యాన్ని అనుమానించాలి. అప్పుడు అవతలి ట్రాన్స్‌మిటర్‌ను కాసేపు ఆపిస్తాం. మా రిసీవర్ −93 దగ్గరకు పడిపోవాలి. అలా కాక −68 దగ్గర ఆగిందంటే, అదే ఫ్రీక్వెన్సీలో మరో లింకు మనవైపు వెదజల్లుతోందన్నమాట. సూత్రానికి అది కూడా నాయిసే. ఆ 23 డీబీ దగ్గర హద్దు 214కు కుంగింది, రేడియో 64 క్వామ్‌కు దిగింది. ఇక్కడ మందు పవరూ కాదు, వెడల్పూ కాదు. ఫ్రీక్వెన్సీనో, పోలరైజేషన్‌నో మార్చుకుంటే పోయిన డెసిబెల్స్ తిరిగొస్తాయి.