ముఖ్య అతిథిగా రాలేనని వ్రాసిన ఉత్తరం

మా హోసూరు దగ్గర నేను చదువుకున్న తెలుగు బడి హెడ్మాస్టరుగారు, మార్చి 29వ తేదీ వార్షికోత్సవానికి నన్ను ముఖ్య అతిథిగా రమ్మని ఉత్తరం వ్రాశారు. నేనా, మెట్రిక్ చదువుతో గుమాస్తాగిరీ వెలగబెడుతున్నవాణ్ణి. ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. అబద్ధమెందుకు, మూడోసారి మా ఆవిడకు వినిపించాను.

కాని మార్చి 31తో మా ఆఫీసులో లెక్కల సంవత్సరం ముగుస్తుంది. ఆలోపల ట్రెజరీలో ప్యాసుకాని బిల్లు తాలూకు గ్రాంటు మురిగిపోతుంది. ఆ వారంలో సెలవడగటానికి నోరు రాదు.

"వీలు చూసుకుని వచ్చే ప్రయత్నం చేస్తాను" అని వ్రాసి కవరు అంటించబోతుంటే, "మన ఉగాది సభ సంగతి మరిచిపోయారా?" అన్నది మా ఆవిడ.

నాలుగేళ్ల క్రిందట మా సంఘం ఉగాదికి ఒక పెద్దమనిషిని పిలిచాము. "చూద్దాం లెండి" అన్నారు. అదే ఒప్పుదల అనుకుని ఆయన పేరు అచ్చువేయించాము. ఆరు గంటలకు జరగవలసిన సభ ఆయనకోసం చూసిచూసి ఎనిమిదిన్నరకు మొదలయింది. కృష్ణుడి వేషం కట్టిన పసివాడు కిరీటంతోనే తల్లి ఒళ్లో నిద్రపోయాడు. ఆయన చెడ్డవారు కారు. మొగమాటానికి రానని అనలేకపోయారు, అంతే.

కాగితం చింపి మళ్లీ కూర్చున్నాను. రోజంతా తమిళంలో ఆఫీసు నోట్లు వ్రాసే చెయ్యి కదా, మొదట "తమరి ఉత్తరము చూడుడు" అని పడింది! అదీ కొట్టివేశాను. అయిదువందల రూపాయలు పంపుతున్నానని ఒక వాక్యం వ్రాసి తీసివేశాను. రానందుకు జరిమానా కట్టినట్లుంటుంది. జూన్‌లో నోటుపుస్తకాలుగా ఇచ్చుకోవచ్చు. చివరకు నిలిచినది ఇది:

"గౌరవనీయులైన హెడ్మాస్టరుగారికి నమస్కారములు. నన్ను తలచుకున్నందుకు ఎంతో సంతోషం. 29వ తేదీ నేను రాలేను. అది మా ఆఫీసులో లెక్కలు ముగించే వారం. ఆహ్వానపత్రిక అచ్చుకు పోకముందే తమకు తెలియాలని వెంటనే వ్రాస్తున్నాను. మనకు తెలుగు చెప్పి రిటైరయిన పంతులుగారు ఊళ్లోనే ఉన్నారు. తమకు సమ్మతమయితే వారిని పిలవండి. నన్ను ముందు అడిగినట్లు వారికి తెలియనక్కరలేదు. అయిదో తరగతి పిల్లలు పద్యాలు చదువుతారని విన్నాను. ఎవరైనా తడబడితే వెంటనే అందించకండి. కాస్త ఆగితే వాళ్లే అందుకుంటారు. నేనూ ఆ అరుగుమీద అలాగే నిలబడ్డవాణ్ణి. పండుగ నిండుగా జరగాలని, పిల్లలందరూ పేరు తెచ్చుకోవాలని కోరుకుంటున్నాను."

"ఇంతమాత్రానికి ఫోను చాలదా?" అన్నాడు మా అబ్బాయి. ఫోనులో రానంటే "అలాగంటే ఎట్లా సార్" అని ఆయన బతిమాలుతారు, నేను మెత్తబడతాను. పైగా కమిటీ ముందు పెట్టటానికి ఆయన చేతిలో ఒక కాగితముండాలి.

మర్నాడు ఆఫీసుకు పోతూ నేనే వెళ్లి ఇచ్చాను. హెడ్మాస్టరుగారు నిలబడే చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ముఖం కొంచెం చిన్నబోయిన మాట నిజమే.

"ఇవాళే చెప్పారు, నయం. సాయంత్రం ప్రెస్సువాడు వస్తానన్నాడు," అంటూ పంతులుగారి ఇంటికి మనిషిని పంపటానికి ప్యూనును కేక వేశారు.