మేమా, మనమా?

 

మా హాస్టల్ రూములో నలుగురం ఉంటాం. డిగ్రీ సెకండియర్. అందరం కోయోళ్ళమే, మా ఇళ్ళల్లో కాలేజీ మొహం చూసిన మొదటోళ్ళం. ఇంగ్లీషు నోరు తిరగాలని మాలో ఒకడు ఫోన్లో భాషలు నేర్చుకునే యాప్ వేసుకున్నాడు. ఎవడో చెప్పం. మన భాష వాళ్ళకి నేర్పాలి, వాళ్ళ భాష మనం నేర్చుకోవాలి, అదీ పద్ధతి. మాతృభాష అన్నచోట కోయ వెతికాం, కనబడలేదు, తెలుగు అని పెట్టాం.

అక్కడ పెరూ దేశం అమ్మాయి కలిసింది. ఆమెది స్పానిష్. మాకు రాత్రి తొమ్మిదిన్నర అయితే వాళ్ళకి పొద్దున పదకొండు. ఇంగ్లీషు అందనప్పుడు ఎవరి భాషలో వాళ్ళు రాసి అనువాదం బటన్ నొక్కడమే. రాసేది వాడొక్కడే అయినా, ఏం రాయాలో చెప్పేది నలుగురం.

మొదటి తప్పు మాదే. అలిసిపోయాను అనడానికి స్పానిష్‌లో "కన్సాదో" అనాలి. మేం ఒక అక్షరం మింగేసి "కసాదో" అని కొట్టాం. దానికి పెళ్ళయింది అని అర్థమంట! "శుభాకాంక్షలు, పెళ్ళికూతురు ఎవరు?" అని అడిగింది. మాకు చెమటలు పట్టాయి. సారీ చెప్పి సర్దేద్దామని ఒకడన్నాడు. ఇంకొకడు ఆపి, "కెమిస్ట్రీ రికార్డు. రోజూ రాత్రి దానితోనే కాపురం" అని రాయించాడు. ఆమె నవ్వింది. ఆ రోజు నుంచి "మీ ఆవిడ ఎలా ఉంది?" అనేదే పలకరింపు.

ఒకసారి రెండు రోజులు ఆమె కనబడలేదు. "నీకోసం చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి" అని తెలుగులో రాశాం. అక్కడ అది కళ్ళల్లో కాయలు కాసినట్టే తేలింది. "ఏం కాయలు?" అని అడిగింది. తునికి కాయలు అని చెప్పి ఫొటో పంపాం. తర్వాత ఎప్పుడు ఆలస్యమైనా "పండాయా, ఇంకా పచ్చిగానే ఉన్నాయా?" అని తనే ముందు అడిగేది. ఒకటి మాత్రం గమనించాం. మా తప్పు మీద మేం ఎంత నవ్వుకున్నా సరదాగానే ఉండేది. ఆమె తప్పు మీద మాత్రం ఆమె నవ్వాకే మేం నవ్వాలి. ఎందుకో మాకు చెప్పక్కర్లేదు. కోయలో ఏరు అంటే నీళ్ళు కదా. చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో దాహమేసి "ఏరు" అంటే, ఈ టైములో ఏటికెందుకురా అని సారు కూర్చోబెట్టాడు. క్లాసంతా నవ్వింది. ఆ దాహం ఇంకా గుర్తే.

అసలు కథ మూడో తప్పుతో వచ్చింది. "ఎప్పటికైనా మేము సముద్రం చూద్దాం" అని ఆమె నుంచి తెలుగులో వచ్చింది. మేము ఏంటి, చూద్దాం ఏంటి! స్పానిష్‌లో "నొసోత్రోస్" ఒక్కటే, ఇంగ్లీషులో "వి" ఒక్కటే. మనకి రెండు. ఎదుటివాళ్ళని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. యంత్రానికి ఆ తేడా ఎక్కడ దొరుకుద్ది? "నన్ను ఒడ్డునే వదిలేసి వెళ్తావా? మనం అను" అని రాయించాం. ఆమెకి అది తెగ నచ్చింది. వాళ్ళ అమ్మమ్మ మాట్లాడే కెచువాలో కూడా అట్లాగే రెండున్నాయంట. కలుపుకుంటే న్యొఖంచిక్, లేకపోతే న్యొఖైకు. తనకి ఆ భాష సరిగా రాదని, బడిలో నవ్వుతారని అమ్మ నేర్పలేదని చెప్పింది. ఆ రాత్రి మేం ఏరు సంగతి చెప్పాం.

మర్నాడు ఆమె పాత మెసేజ్‌లన్నీ వెనక్కి వెళ్ళి చూసింది. "నువ్వు తెలుగులో రాసిన ప్రతిచోటా మేము అనే ఉంది. మేము నవ్వాం, మేము ఎదురుచూశాం. నేను లేని ఆ మేములో ఎవరున్నారు?" అని అడిగింది.

రూములో ఎవరూ మాట్లాడలేదు. యంత్రం మీదకి తోసేయొచ్చు, తేలిగ్గా నమ్ముద్ది కూడా. కానీ వాళ్ళ అమ్మ సంగతి ఆమె ఒక్కడికి చెప్పుకుందనుకుంది, నలుగురం చదివాం. ఇది అనువాదం తప్పు కాదు. వాడే ఫోన్ తీసుకుని ఉన్నదంతా రాసేశాడు.

మూడు రోజులు ఏమీ రాలేదు. నాలుగో రోజు రాత్రి వచ్చింది: "టైపు చేసే అతనితో మాత్రమే మాట్లాడతాను. మిగతా ముగ్గురికీ నమస్తే. కెమిస్ట్రీ ఆవిడని అడిగానని చెప్పండి."

ఇప్పుడు తొమ్మిదిన్నర అయితే వాడు ఫోన్ పట్టుకుని వరండాలోకి పోతున్నాడు. ఏం రాస్తాడో మాకు చూపించడు, మేం అడగం. ఒక్కోసారి కిటికీలోంచి నవ్వు వినబడుద్ది.